యాభై దాటాక ఉద్యోగ వేట: ఒక నమూనా ఫైలుతో నా అనుభవం

నాకు యాభై మూడేళ్ల వయసులో, నేను పనిచేస్తున్న సంస్థ మా అకౌంట్స్ విభాగాన్ని మరో శాఖలో కలిపివేయడంతో మళ్లీ ఉద్యోగం వెతుక్కోవలసి వచ్చింది. దాదాపు ముప్పై ఏళ్ల నా సర్వీసులో ఎక్కువ కాలం చేసినది బ్యాంకు రీకన్సిలియేషన్, అంటే సంస్థ పుస్తకాల్లోని లావాదేవీలను బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసి, తేడా ఉన్నచోట కారణం రాసే పని. ఇప్పుడు ఇది చాలాచోట్ల సాఫ్ట్‌వేర్ సాయంతో నడుస్తోంది కనుక, నా రెజ్యూమె చూసినవారి మనసులో మెదిలే ప్రశ్నను ఊహించడం కష్టం కాలేదు: ఈయనకు పని తెలుసు, కానీ ఇప్పటి పనిముట్లు తెలుసా, తెలియకపోతే నేర్చుకుంటారా?

వయసు కనిపించకుండా చేయమని సలహా ఇచ్చినవారు చాలామందే ఉన్నారు. జుట్టుకు రంగు వేయమన్న మిత్రుడి మాట పక్కన పెడితే, పాత ఉద్యోగాల తేదీలు తీసేయమన్నదే అందరూ చెప్పిన మాట. ఉద్యోగాల మధ్య ఖాళీలు కనిపిస్తే వయసు కంటే పెద్ద అనుమానం పుడుతుందని తోచి, నేను తేదీలను అలాగే ఉంచి స్థలం పంపకాన్ని మాత్రం మార్చాను. గత పదేళ్ల పనిని వివరంగా రాసి, అంతకుముందు ఉద్యోగాలను సంస్థ పేరు, హోదా, సంవత్సరాలతో ఒక్కో పంక్తికి కుదించాను. అనుభవం ఇన్నేళ్లని గొప్పగా మొదలయ్యే తొలి వాక్యాన్ని తీసేసి, ఆ చోట, ఎక్సెల్‌లో పట్టికలను సరిచేసి జతపరిచే పనిముట్టుగా ఇటీవల నేర్చుకున్న పవర్ క్వెరీతో నేను చేసిన ఒక పనిని పెట్టాను.

ఆ పని గురించి కాస్త వివరంగా చెప్పాలి. పవర్ క్వెరీ కోర్సు పూర్తి చేసినందుకు సర్టిఫికెట్ వచ్చింది గానీ, అది కోర్సు ముగించానని చెబుతుందే తప్ప పని చేయగలనని చెప్పదు. అందుకని లేని సంస్థ ఒకదాన్ని ఊహించి, దాని నెల లావాదేవీలతో నమూనా ఫైలు తయారుచేశాను. పాత సంస్థ లెక్కలను వాడితే మరింత సహజంగా ఉండేది. కానీ గోప్యంగా ఉంచవలసిన లెక్కలను బయట చూపించే అకౌంటెంటును ఎవరు నమ్ముతారు?

నమూనాలో పుస్తకాల వైపు 412 వరుసలు, బ్యాంకు వైపు 397 వరుసలు ఉన్నాయి. రిఫరెన్స్ నంబరు, మొత్తం రెండూ కలిస్తేనే జత కుదిరినట్లు లెక్కించి, పుస్తకాల్లో ఉండి బ్యాంకులో జత దొరకని వరుసలను Left Anti పద్ధతిలో తీశాను. మొదటిసారి 96 వచ్చాయి. ఇన్ని తేడాలు ఉండవని చూడగానే తెలిసిపోయింది. కారణం వెతికితే, ఫైలు తెరిచేటప్పుడు దానంతటదే చేరే Changed Type అనే మెట్టు బ్యాంకు వైపు రిఫరెన్స్ నంబర్లను అంకెలుగా మార్చి, ముందున్న సున్నాలను తొలగించిందని తేలింది. 004512 కాస్తా 4512 అయింది. జత కలపడానికి ఆ తరువాత దాన్ని నేను టెక్స్ట్‌గా మార్చినా పోయిన సున్నాలు తిరిగి రాలేదు కాబట్టి, ఆ మెట్టులోనే రిఫరెన్స్ కాలమ్‌ను టెక్స్ట్‌గా ఉంచాను. తేడాలు 31కి దిగాయి.

అక్కడి నుంచి పాత అనుభవం అక్కరకు వచ్చింది. ఆ 31లో 19 జారీ అయి బ్యాంకుకు ఇంకా చేరని చెక్కులు. 9 వసూళ్లను కలిపి ఒకే డిపాజిట్‌గా వేసినందువల్ల బ్యాంకులో ఒక్క వరుసగా కనిపించేవి. మిగిలిన 3 అంకెలు తారుమారైనవి. 5,430కి బదులు 5,340 రాస్తే వచ్చే తేడా 90, అది తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడుతుంది. పక్కపక్క అంకెలు మారితే తేడా ఎప్పుడూ అలాగే ఉంటుందని పుస్తకం చేత్తో రాసిన కాలం వారందరికీ తెలుసు.

అసలు చిక్కు జత కుదిరిన వరుసల్లో ఉంది. పుస్తకాల్లో జత కుదిరిన 381 వరుసల మొత్తం, వాటికి సరిపడిన బ్యాంకు వరుసల మొత్తం కంటే 2,750 ఎక్కువ వచ్చింది. ఒకే చెల్లింపు రెండుసార్లు నమోదైతే ఆ రెండు వరుసలూ బ్యాంకులోని ఒకే వరుసతో జత కుదురుతాయి కనుక, క్వెరీ వాటిని సరైనవిగానే చూపిస్తుంది. ఈ తప్పును నేనే కావాలని నమూనాలో పెట్టాను. జత కుదిరిన తరువాత కూడా రెండు వైపుల మొత్తాలను పోల్చే మరో మెట్టును చేర్చాను. రెజ్యూమెలో తొలి పంక్తి అదే: పవర్ క్వెరీతో రీకన్సిలియేషన్ నిర్మించాను, రెండుసార్లు నమోదైన చెల్లింపులను పట్టే తనిఖీ చేర్చాను, ఈ సంవత్సరం. అందులో కొత్త విద్య ఉంది, అనుభవమూ ఉంది. అనుభవం వేరుగా చెప్పనవసరం లేకపోయింది.

ఈ మార్పు తరువాత కూడా దరఖాస్తు దశలోనే ఆగిపోయినవి ఉన్నాయి. ఆ దశలో కారణం వయసో, ప్రకటనలోని ఏదైనా పదం నా రెజ్యూమెలో లేకపోవడమో బయటినుంచి తెలుసుకునే దారి లేదు. ఇంటర్వ్యూ దాకా వెళ్లి, మీ స్థాయికి ఈ ఉద్యోగం చిన్నదండీ అని మర్యాదగా ముగించినప్పుడు మాత్రం సందేహం ఎక్కడుందో కొంత అర్థమవుతుంది.

నాకు ఉద్యోగం వచ్చిన చోట ఇంటర్వ్యూ చేసిన మేనేజరు వయసులో నాకంటే చాలా చిన్నవారు. ఫైలు తెరిచి చూపమన్నారు. కాసేపు చూసి, "బ్యాంకు వాళ్లు వచ్చే నెల కాలమ్ పేరు మారిస్తే ఏమవుతుందండీ?" అని అడిగారు. సమాధానం చెప్పడానికి బదులు, ఆయన ఎదుటే ఒక కాలమ్ పేరు మార్చి రిఫ్రెష్ నొక్కాను. ఆ కాలమ్ దొరకలేదని క్వెరీ ఆగిపోయింది. ఏ మెట్టులో ఆగిందో చూపి, అక్కడ కొత్త పేరు పెట్టి మళ్లీ నడిపించాను. కొత్తవి త్వరగా నేర్చుకుంటానని నేను ఎంతసేపు చెప్పినా ఆ రెండు నిమిషాలంత బలంగా ఉండేది కాదు.

తరువాత ఆయన, తనకంటే పెద్దవారికి పని అప్పగించి తప్పు చూపించడం తనకే ఇబ్బంది కావచ్చని నేరుగా అన్నారు. వయసుతో సంబంధం లేదని కొట్టిపారేయకుండా, కోర్సులో నా క్వెరీని సరిదిద్దినది నా కూతురి వయసున్న అమ్మాయి అని, అడ్డదిడ్డంగా ఉన్న నా మెట్ల పేర్లను మరొకరు చదివి అర్థం చేసుకునేలా మార్చమని ఆమె చెబితే మార్చానని చెప్పి, ఫైలులోనే ఆ పేర్లను చూపించాను.

జీతం మాట మాత్రం వారు ఎత్తేదాకా ఆగలేదు. హోదా ఒక మెట్టు తక్కువని తెలిసే దరఖాస్తు చేశానని, పాత జీతాన్ని కాక ఈ హోదాకు వారు ప్రకటించిన పరిధినే చూస్తున్నానని, సిబ్బందిని నడిపే బాధ్యత కంటే ఈ పనే నాకు ఇష్టమని నేనే ముందు చెప్పాను. ఎంతకాలం ఉంటారని అడిగారు; కనీసం ఐదేళ్లన్నాను. అవసరమైతే ఆ సమయంలో మరొకరికి ఈ ఫైలు నడపడం నేర్పుతానని చెప్పినప్పుడు ఆయన దాన్ని కాగితం మీద రాసుకున్నారు. నియామక పత్రంలో నా బాధ్యతల కింద అది చివరి అంశంగా వచ్చింది.