పరావర్తన రేఖ నుంచి L*a*b* వరకు: పసుపు మట్టి రంగు నమూనా, మూడవ వారం నమోదు

ఈ వారం నా దగ్గరున్న పసుపు మట్టి రంగును నలుపు, తెలుపు గళ్ళున్న అట్టపై రెండు పూతలుగా పూసి, ఆరిన తరువాత స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలిచాను. మొదట నలుపు భాగం మీద, తరువాత తెలుపు భాగం మీద రీడింగ్ తీసుకొని రెండు రేఖలనూ పోల్చాను. అవి విడిపోతే పూత పలుచగా ఉండి అడుగు కనిపిస్తున్నట్టు. అప్పుడు తరువాతి లెక్క ఎంత శ్రద్ధగా చేసినా అది రంగును కాక, రంగునూ అట్టనూ కలిపి చెబుతుంది. ఈసారి రెండూ ఒకదానిమీద ఒకటి పడ్డాయి కనుక మూడు చోట్ల తీసిన రీడింగుల సగటుతో ముందుకు వెళ్ళాను.

పరికరం ఇచ్చేది 400 నుంచి 700 నానోమీటర్ల వరకు పదేసి నానోమీటర్ల దూరంలో 31 సంఖ్యలు. ఒక్కొక్కటి ఆ తరంగదైర్ఘ్యం వద్ద నమూనా వెనక్కి పంపిన కాంతి భాగం. వీటిని రంగు విలువలుగా మార్చాలంటే వెలుగు ఏదో, చూసే కన్ను ఏదో ముందే నిర్ణయించుకోవాలి. వెలుగుగా డి65 పగటి కాంతిని, కన్నుగా 1964 నాటి పది డిగ్రీల ప్రమాణ పరిశీలకుణ్ణి, అంటే పది డిగ్రీల వెడల్పున్న రంగును చూసే సగటు కన్ను స్పందనను తీసుకున్నాను. ప్రతి తరంగదైర్ఘ్యం వద్దా పరావర్తనాన్ని, వెలుగు శక్తిని, కన్ను స్పందనను గుణించి, అన్నిటినీ కూడితే X, Y, Z వస్తాయి.

```python
k = 100 / np.sum(S * yb)
X = k * np.sum(R * S * xb)
Y = k * np.sum(R * S * yb)
Z = k * np.sum(R * S * zb)
```

ఇక్కడ `S` వెలుగు శక్తి పట్టిక, `xb`, `yb`, `zb` కన్ను స్పందన పట్టికలు, `R` పరావర్తనం. `R` సున్నా నుంచి ఒకటి వరకు ఉండాలి. నా ఫైల్‌లో శాతాలు ఉండడంతో మొదటిసారి Y మూడు వేలకు చేరింది. అది వెంటనే కంటికి కనిపించే తప్పు కనుక నిమిషంలో సరిదిద్దాను. సరిచేశాక X 32.50, Y 30.00, Z 12.00 వచ్చాయి.

అసలు ఇబ్బంది తరువాతి మెట్టులో వచ్చింది. L* రంగు ఎంత లేతదో, a* ఎరుపు-ఆకుపచ్చల మధ్య, b* పసుపు-నీలాల మధ్య అది ఎటు మొగ్గిందో చెబుతాయి. వీటి కోసం X, Y, Z మూడింటినీ తెలుపు బిందువు విలువలతో, అంటే పరిపూర్ణమైన తెలుపుకు వచ్చే X, Y, Z లతో భాగించి ఘనమూలం తీయాలి. నేను పాత లెక్కల నుంచి 95.047, 100, 108.883 అన్న సంఖ్యలను తెచ్చి పెట్టాను. L* 61.7, a* 14.9, b* 38.0 వచ్చాయి, అట్టను చూస్తే ఇవి నమ్మదగినవిగానే అనిపించాయి. కానీ ఏ లెక్కనైనా తెల్లదనంతో పరీక్షించే అలవాటు ఉండడం వల్ల, నమూనాకు బదులు 31 చోట్లా ఒకటి అనే విలువను పెట్టి చూశాను. పరిపూర్ణమైన తెలుపుకు 100, 0, 0 రావలసి ఉండగా a* -0.41, b* 0.97 వచ్చాయి. తెలుపు పసుపుకు తిరిగిందంటే తెలుపు బిందువే తప్పు.

ఆ సంఖ్యలు 1931 నాటి రెండు డిగ్రీల పరిశీలకుడివి. నా పట్టికలు పది డిగ్రీలవి. పది డిగ్రీలకు డి65 తెలుపు 94.811, 100, 107.304. వాటితో మళ్ళీ లెక్కిస్తే a* 15.2, b* 37.5 అయ్యాయి, L* మారలేదు. రెండు ఫలితాల మధ్య దూరం సుమారు 0.55 మాత్రమే కనుక నమూనాను ఎంతసేపు చూసినా ఈ తప్పు నాకు దొరికేది కాదు. ఘనమూలాల తేడా ముదురు రంగుల్లో తగ్గి, తెలుపు దగ్గర అన్నిటికన్నా పెద్దదవుతుంది. అందుకే పరీక్షకు తెలుపునే ఎంచుకోవాలి.

ఇప్పుడు తెలుపు బిందువును బయటి నుంచి తేకుండా, అవే పట్టికల నుంచి `R` ఒకటిగా పెట్టి రాబడుతున్నాను. దీనివల్ల మరో జాగ్రత్త అవసరమైంది. తెలుపు పరీక్ష ఇక ఎప్పుడూ నెగ్గుతుంది, పట్టిక తప్పైనా సరే. కాబట్టి వచ్చిన తెలుపు 94.811, 107.304 దగ్గరకు చేరిందో లేదో విడిగా చూస్తున్నాను. 400 కింద, 700 పైన కొంత తెగిపోతుంది కనుక స్వల్ప తేడా ఉంటుంది; కానీ Z 108 దాటితే పరిశీలకుడు మారినట్టే. మరొక పరీక్షగా అన్నిచోట్లా 0.18 ఉన్న బూడిద రేఖను ఇస్తే L* 49.5 రావాలి, వచ్చింది.

తెరపై చూపే sRGB విలువలకు ఈ పది డిగ్రీల X, Y, Z పనికిరావు, ఎందుకంటే X, Y, Z లను sRGB గా మార్చే మాత్రిక రెండు డిగ్రీల పరిశీలకుడిపై కట్టినది. అదే 31 సంఖ్యలతో 1931 పట్టికలు వాడి మళ్ళీ మొదటి నుంచి కూడవలసిందే. అందుకే నా పుస్తకంలో L*a*b* పక్కన పరావర్తన రేఖను కూడా పూర్తిగా రాసి ఉంచుతున్నాను, ప్రతి విలువ పక్కన వెలుగు, పరిశీలకుడు ఏవో కూడా రాస్తున్నాను.