మీటరు 47,000 దగ్గర దిగాలి

శనివారం, రాత్రి.

శనివారం మన విజయనగరంలో బిర్యానీ ఆర్డర్లు తగ్గుతాయి, మధ్యాహ్నం రెండున్నర తర్వాత డెలివరీ కుర్రాళ్ళకి పెద్దగా పని ఉండదు. మయూరి జంక్షన్ దగ్గర చెట్టు నీడలో బండ్లు వరసగా ఆగిపోతాయి. మా వీధి కుర్రాడు ఒకడు నాలుగు నెలలుగా ఫుడ్ డెలివరీ తిరుగుతున్నాడు. ఈరోజు ఆ ఖాళీలో వాడి లెక్క కాగితం మీద పెట్టాం. "బాబాయ్, నెలకి పంతొమ్మిదిన్నర వేలు వస్తంది కదా, ఇంకేటి కావాలి?" అన్నాడు. వచ్చే మాట నిజమే. అందులో ఎంత సంపాదన, ఎంత బండిని అమ్ముకుని తింటున్నది అనేది ఆ అంకె చెప్పదు. ఈ లెక్క ఇంకో పదిమందికి పనికొస్తుందని వివరంగా రాసి పెడుతున్నాను.

మొదట కిలోమీటర్లు. రోజుకి 55 కిలోమీటర్లని యాప్ చూపిస్తుంది. బండి మీటరు మాత్రం 90 తిరుగుతోంది. తేడా ఎక్కడిదంటే, గాజులరేగ వైపో జేఎన్టీయూ వైపో ఆర్డరు ఇచ్చాక తిరిగి ఊళ్ళోకి ఖాళీగా రావాలి. ఆ దూరానికి ఎవరూ డబ్బివ్వరు. చిన్న ఊరు కాబట్టి హోటళ్ళన్నీ కోట, బాలాజీ జంక్షన్, ఆర్టీసీ కాంప్లెక్స్ చుట్టుపక్కలే ఉంటాయి, ఇళ్ళేమో అన్ని దిక్కులకీ పెరిగిపోయాయి. అందుకే యాప్ చూపే దూరంతో లెక్క వేయకూడదు. పొద్దున బండి తీసేటప్పుడు ఒకసారి, రాత్రి పెట్టేటప్పుడు ఒకసారి మీటరు ఫోటో తీసుకుంటే చాలు.

నెలకి 26 రోజులు, రోజుకి 90 చొప్పున 2,340 కిలోమీటర్లు. సందుల్లో, సిగ్నళ్ళ దగ్గర ఆగుతూ పోయే బండి లీటరుకి 45 ఇస్తుందనుకుందాం. పెట్రోలు 110 రూపాయలు వేసుకుంటే కిలోమీటరుకి రెండు రూపాయల 44 పైసలు, నెలకి 5,720. ఇది అందరికీ కనిపించే ఖర్చు. ఇంజిన్ ఆయిల్ మూడు వేల కిలోమీటర్లకోసారి, చైన్ సెట్టూ వెనక టైరూ ఇరవై వేల దగ్గర, బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లు, కేబుళ్ళు, బేరింగులు, ఇవన్నీ కలిపి కిలోమీటరుకి 60 పైసలు పడుతుంది. ఇది నెలనెలా కనిపించదు. ఒకేసారి మూడు నాలుగు వేలై షెడ్డులో ఎదురవుతుంది. చేతిలో లేకపోతే వాయిదా వేస్తారు. చైను వదులైనా లాగుతారు, దాంతో పళ్ళ చక్రాలు కూడా పోతాయి. ఆయిలు నల్లబడినా తిప్పుతారు, అప్పుడు పోయేది ఇంజిన్.

మూడోది బండి విలువ. 95,000 పెట్టి కొన్న బండి 70,000 కిలోమీటర్లు తిరిగాక పాతిక వేలకి పోతే గొప్ప. అంటే తిరిగిన ప్రతి కిలోమీటరుకీ ఒక రూపాయి బండిలోంచి కరిగిపోతోంది. మూడూ కలిపితే కిలోమీటరుకి నాలుగు రూపాయల పైమాటే. 19,500లోంచి 9,464 తీసేస్తే మిగిలేది 10,036. రోజుకి పదకొండు గంటలు రోడ్డు మీద ఉన్నందుకు గంటకి 35 రూపాయలు.

ఆ అంకె చూసి కుర్రాడు కాసేపు మాట్లాడలేదు. నిజానికి వాడికి దానికన్నా ముఖ్యమైన లెక్క ఇంకొకటి ఉంది. బండి అప్పు మీద తీసుకున్నాడు. కిస్తీ 3,200 చొప్పున 36 నెలలు. నెలకి 2,340 కిలోమీటర్లు తిరిగితే 36వ నెలకి మీటరు 84,000 దాటుతుంది. అప్పు తీరే రోజుకి బండి అమ్మకానికి పనికిరాదు, తిప్పడానికి నమ్మకం ఉండదు. అప్పుడు ఇంకో బండి, ఇంకో 36 కిస్తీలు. "ఏడాది చేసి మానేస్తాను" అన్నవాళ్ళు ఐదేళ్ళయినా ఇందులోనే కనిపించడానికి నాకు తెలిసి ఇదే పెద్ద కారణం. వాళ్ళని బద్ధకస్తులనడం అన్యాయం. రెండో బండి అప్పు వాళ్ళని కట్టిపడేస్తోంది.

కాబట్టి ఎప్పుడు మానాలో క్యాలెండరు చూసి కాదు, మీటరు చూసి నిర్ణయించుకోవాలి. బండికి ఇంకా సగం ప్రాణం ఉండగానే దిగాలి. వాడి మీటరు ఇప్పుడు 9,400. దిగాల్సిన చోటు 47,000 అని రాసుకున్నాం. అంటే ఇంకా పదహారు నెలలు.

ఎక్కడికి దిగాలి? "ఎయిర్‌పోర్టు దగ్గర ఏదో ఒకటి దొరుకుతాదిలే" అన్నాడు. భోగాపురం ఎయిర్‌పోర్టుని నమ్ముకోవడంలో తప్పు లేదు గానీ, ఏ పనికి, ఏ కాగితంతో వెళ్ళాలో తెలియకపోతే అది ఆలోచన కిందికి రాదు. డెలివరీలో ఎన్నేళ్ళు చేసినా అనుభవం సర్టిఫికెట్టు రాదు, జీతం స్లిప్పు ఉండదు. కాబట్టి బయట చెల్లే కాగితం ఒకటి ఈ పదహారు నెలల్లోనే చేతికి రావాలి. వాడికి డ్రైవింగ్ అంటే ఇష్టం. హెవీ లైసెన్సు తీసుకుని పైడిభీమవరం ఫ్యాక్టరీలకి కార్మికుల్ని చేరవేసే బస్సుల్లో చేరాలని కోరిక. మంచిదే. అయితే ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటి ఉంది.

మోటారు వాహనాల చట్టం ఏడో సెక్షన్ ప్రకారం, రవాణా వాహనానికి లెర్నింగ్ లైసెన్సు ఇవ్వాలంటే అప్పటికి కనీసం ఏడాదిగా కారు లైసెన్సు, అంటే ఎల్ఎంవీ, చేతిలో ఉండాలి. బైకు లైసెన్సు ఎన్నేళ్ళదైనా ఆ ఏడాదిలోకి రాదు. వయసు కూడా ఇరవై నిండాలి, వాడికి నిండింది. కుర్రాడి కార్డు మీద గేరు బండి ఒక్కటే ఉంది. డబ్బు కూడబెట్టుకుని అప్పుడు అన్నీ ఒకేసారి చేద్దామనుకున్నాడు. అలా చేస్తే డబ్బు చేతికొచ్చాక మళ్ళీ ఏడాది ఆగాలి. ఆ ఏడాదంతా బండి ఇంకో 28,000 కిలోమీటర్లు తిరుగుతుంది, 47,000 అన్న గీత దాటిపోతుంది.

అందుకే ముందు పెట్టాల్సిన ఖర్చు కారు లైసెన్సు మీద. నేర్చుకోవడానికి, ఫీజులకి కలిపి 7,000 వేసుకున్నాం. డ్రైవింగ్ స్కూలు వాళ్ళని అడిగి మూడు విడతలుగా కట్టుకోవచ్చు. ఈ నెల ఎల్ఎల్ఆర్ తీస్తే ముప్పై రోజులు ఆగి టెస్టుకి వెళ్ళొచ్చు. రెండో నెల చివరికి కార్డు. అక్కడి నుంచి ఏడాది లెక్క మొదలు. పద్నాలుగో నెల ముగిశాక రవాణా వాహనానికి ఎల్ఎల్ఆర్, దానికి డాక్టరు ఇచ్చే ఫారం 1ఏ కావాలి. పదిహేనో నెల స్కూల్లో హెవీ శిక్షణ. టెస్టుకి ఆ స్కూలు ఇచ్చే ఫారం 5 కూడా కావాలి, కాబట్టి గుర్తింపు ఉన్న స్కూలా కాదా అన్నది డబ్బు కట్టకముందే చూసుకోవాలి. పదహారో నెలలో టెస్టు.

శిక్షణకని పని మానక్కర్లేదు. ఇక్కడ ఆర్డర్లు పన్నెండు నుంచి రెండున్నర, మళ్ళీ రాత్రి ఏడు నుంచి పది. పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకు ఎవరికీ పని లేదు. మధ్యాహ్నం మూడు నుంచి ఆరు మధ్య రోడ్డు మీద ఉండడం పెట్రోలు దండగ.

డబ్బు సంగతి. 19,500లో పెట్రోలు 5,720, కిస్తీ 3,200, మరమ్మతుల కోసం కిలోమీటరుకి 60 పైసల చొప్పున 1,404 పోగా 9,176. అప్పు మీద బండి ఉన్నవాళ్ళు ఆ రూపాయి అరుగుదలని మళ్ళీ పక్కన పెట్టక్కర్లేదు, అది కిస్తీలోనే పోతోంది. సొంత బండి ఉన్నవాళ్ళు మాత్రం తప్పకుండా పెట్టాలి. ఇంట్లో 6,000 ఇస్తాడు. 2,500 ఈ పనికి. టీకి, ఫోన్ రీఛార్జికి ఏడు వందలు కూడా మిగలవు. కష్టమే, కానీ కుదురుతుంది. కారు లైసెన్సుకి 7,000, హెవీకి 13,000, పని లేని రెండు నెలలకి ఇంటి ఖర్చు 12,000. మొత్తం 32,000, పదమూడు నెలల్లో చేరుతుంది. ఆ 12,000 మాత్రం దేనికీ ముట్టకూడదు. చిన్న దెబ్బ తగిలి పదిహేను రోజులు మంచమెక్కితే, ఈ పథకం మొత్తం తప్పేది అక్కడే.

దెబ్బ మాట వచ్చింది కాబట్టి ఇన్సూరెన్సు. తెల్ల నంబరు ప్లేటు బైకు పాలసీలో "వాడకపు పరిమితులు" అని ఒక పేరా ఉంటుంది. కిరాయికి గానీ సరుకు మోయడానికి గానీ వాడితే వర్తించదని అందులోనే ఉంటుంది. డెలివరీ బ్యాగుతో పడితే బండి క్లెయిము ఎగిరిపోవడానికి ఆ వాక్యం చాలు. కంపెనీ ఇచ్చే ప్రమాద బీమా వేరే. అది లాగిన్‌లో ఉన్నప్పుడా, ఆర్డరు చేతిలో ఉన్నప్పుడేనా అన్నది యాప్‌లో చదివి, నామినీ పేరు ఉందో లేదో ఈ రాత్రే చూడమన్నాను. eshram.gov.inలో ప్లాట్‌ఫామ్ కార్మికుడిగా పేరు రాయించుకోమని కూడా చెప్పాను. సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కంపెనీలు టర్నోవర్లో ఒకటి నుంచి రెండు శాతం కార్మికుల నిధికి ఇవ్వాలని అందులో ఉంది. ఆ నిధి నుంచి ఏది వచ్చినా పేరు నమోదై ఉండాలి. అయితే దాన్ని పీఎఫ్‌తో సమానం అనుకోకూడదు.

"బస్సు మీద 12,000 ఇస్తే ఇప్పటికన్నా తక్కువ కదా" అన్నాడు. తక్కువ కాదు. ఇప్పుడు వాడికి నిజంగా మిగులుతున్నది 10,036. రానుపోను బండి కాల్చకుండా 12,000 చేతికొస్తే అది ఎక్కువే, పైన పీఎఫ్ ఉంటే ఇంకా నయం.

పదహారు నెలలు ఆగకుండా ముందే దిగాల్సి వస్తే దాన్ని గుర్తుపట్టేది ఒక్క అంకెతో. వారం డబ్బుని మీటరు కిలోమీటర్లతో భాగించాలి. ఇప్పుడు ఎనిమిది రూపాయల 33 పైసలు వస్తోంది. యాప్‌లో ఇన్సెంటివ్ టార్గెట్ పెంచినప్పుడు మొత్తం డబ్బు పెరిగినట్టే కనిపిస్తుంది, కిలోమీటర్లు అంతకన్నా ఎక్కువ పెరుగుతాయి. వరసగా నాలుగు వారాలు ఏడు రూపాయల కన్నా తగ్గితే ఇంకో మూడు ఆర్డర్ల కోసం రాత్రి పదకొండు దాకా తిరగడం మానేసి, మధ్యలో ఉన్న మెట్టుకి మారాలి. ఆ మెట్టు చిన్న గూడ్సు బండి. కారు లైసెన్సు ఉన్నవాళ్ళు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని వేరే ఎండార్స్‌మెంటు లేకుండా నడపొచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే రెండో నెలాఖరుకే వాడికి ఆ దారి తెరుచుకుంటుంది. పెట్రోలు, అరుగుదల ఓనరు భరించే జీతం పని అయితేనే వెళ్ళమన్నాను. సొంతంగా గూడ్సు బండి అప్పు మీద తీసుకుంటానంటే మళ్ళీ అదే కిస్తీ, అదే మీటరు.