కనబడని పిడిని పిల్లలు ఎందుకు గీశారు?

టీచర్‌గా అది నా మొదటి ఏడాది. ఒకటో తరగతిలో ఇల్లు గీయమన్నాను. ఆరేళ్ల పాప ఒకతి గోడ, తలుపు, పైకప్పు అన్నీ గీసి, ఆ గోడలోంచే లోపల మంచం మీద పడుకున్న తమ్ముణ్ణి కూడా చూపించింది. పక్కన బల్ల ఉంది. దాని నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాచుకుని ఉన్నాయి. నేను ఎర్ర పెన్నుతో "గోడలోంచి మనిషి కనబడతాడా?" అని రాశాను. పాప దాన్ని చదివి, తమ్ముణ్ణి రబ్బరుతో చెరిపేసింది. కాగితం చిరిగిపోయింది.

ఆ చిరుగు నన్ను చాలా రోజులు వదల్లేదు. మా సీనియర్ మేడమ్‌కి చూపిస్తే, "రేపు ఒక కప్పు తీసుకురా" అన్నారు.

మర్నాడు పువ్వు బొమ్మ ఉన్న కప్పును పిల్లల ముందు పెట్టాం. పిడి వెనక్కి తిప్పి, పువ్వు మాత్రం కనబడేలా ఉంచాం. "మీరు కూర్చున్న చోటి నుంచి ఎలా కనబడుతోందో అలాగే గీయండి" అన్నాను. ఐదారేళ్ల వాళ్లలో ఎక్కువ మంది కనబడని పిడిని గీశారు. కళ్లెదుటే ఉన్న పువ్వును చాలామంది వదిలేశారు. నాలుగో తరగతిలో దాదాపు అందరూ పిడి వదిలేసి పువ్వు గీశారు. ఈ పరీక్షను 1972లోనే ఫ్రీమన్, జానికూన్ అనే పరిశోధకులు చేశారని మేడమ్ చెప్పారు. వాళ్లకు ఆ మార్పు ఎనిమిదేళ్ల దగ్గర కనిపించిందట.

చిన్న పిల్లలు చూసింది కాదు, తమకు తెలిసింది గీస్తారు. కప్పంటే పిడి ఉండాలి, లేకపోతే అది గ్లాసైపోతుంది. ఇంట్లో తమ్ముడున్నాడు, కాబట్టి బొమ్మలోనూ ఉండాలి. బల్లకు నాలుగు కాళ్లుంటాయి, నాలుగూ కనబడాలి. ఫ్రెంచి పరిశోధకుడు లూకే 1927లోనే దీన్ని బుద్ధితో గీసే వాస్తవికత అన్నాడు. కంటితో గీసే వాస్తవికత ఆ తర్వాత వస్తుంది.

మరి చిన్న పిల్లలకు తేడా అసలు కనబడదా? అదీ చూశాం. రెండు కప్పులు పక్కపక్కన పెట్టి, ఒకదాని పిడి కనబడేలా, రెండోదాని పిడి దాగేలా ఉంచాం. నిన్న పిడి గీసిన వాళ్లలోనే కొందరు ఈసారి రెండో కప్పుకు పిడి గీయలేదు. తేడా చెప్పాల్సిన అవసరం వస్తే చెబుతున్నారు. అంటే నేను ఎర్ర పెన్నుతో దిద్దింది తప్పును కాదు, ఆ వయసు పిల్లల పద్ధతిని.

అప్పటి నుంచి వయసును బట్టి ఆశించడం నేర్చుకున్నాను. రెండు మూడేళ్ల పిల్లల పిచ్చి గీతల్లో ముందు చెయ్యి ఊపే ఆనందమే ఉంటుంది. తర్వాత గీత చుట్టి మూసుకుంటుంది, గీశాక "ఇది అమ్మ" అని పేరు పెడతారు. ఏమిటని గుచ్చి అడగకుండా, వాళ్లు చెప్పినప్పుడు వింటే చాలు. మూడున్నర, నాలుగేళ్లకు గుండ్రటి తలకే కాళ్లు తగిలించిన మనిషి వస్తాడు. పొట్ట ఏదని కంగారు పడక్కర్లేదు. "తల గీయి, ఇప్పుడు పొట్ట గీయి" అని ఒక్కొక్కటే చెబితే చాలామంది పొట్ట కూడా గీస్తారు, కాబట్టి పొట్ట తెలియక కాదు. ఏడెనిమిదేళ్లకు కింద నేల గీత, పైన ఆకాశం పట్టీ, మధ్యలో ఖాళీ స్థిరపడతాయి. ఈ వయసులన్నీ సుమారుగా చెప్పేవే. ఒకే పిల్లవాడు మనిషిని ఒక దశలో, జంతువును ఇంకో దశలో గీయడం నేను తరచూ చూస్తాను. బొమ్మ చూసి తెలివి అంచనా వేయడం మాత్రం మానేశాను.

నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది తొమ్మిది నుంచి పన్నెండేళ్ల వయసు. కన్ను ముందుకెళ్తుంది, చెయ్యి వెనకబడుతుంది. తన బొమ్మ నిజంలా లేదని వాళ్లకే తెలిసిపోతుంది. ఐదో తరగతి బాబు ఒకడు ప్రతి కాగితాన్నీ నలిపి పారేసి, "నాకు రాదు టీచర్" అనేవాడు. ఆరేళ్ల పాప దగ్గర నేను నేర్చుకున్నది ఇక్కడ తిరగబడింది. అక్కడ దిద్దకుండా ఉండాలి. ఇక్కడ మెచ్చుకుని ఊరుకుంటే సరిపోదు, పద్ధతి నేర్పాలి. ఒక వస్తువు ముందు ఇంకొకటి ఉంటే, వెనకున్న దాని గీత అక్కడే ఆగిపోతుందని చూపించాను. ఒక కన్ను మూసి, పెన్సిల్‌ని చేయి చాచి పట్టుకుని పొడవులు కొలవమన్నాను. వస్తువు పేరు మర్చిపోయి, దాని చుట్టూ ఉన్న ఖాళీ ఆకారాన్ని గీయమన్నాను.

రెండు వారాలకు ఆ బాబు తన ఎడమ చెయ్యి గీసి తెచ్చాడు. నాలుగు వేళ్లు బాగానే కుదిరాయి. బొటనవేలు మీద పెన్సిల్ పెట్టి, "ఇది కొంచెం నా వైపు వంగి ఉంది కదా టీచర్, అది ఎలా చూపించాలి?" అని అడిగాడు. కాగితం నలపలేదు.