నాన్న వీపు మీద గీతలు

డెబ్బై దాటిన నాన్నకి ఒళ్ళంతా దురద. దద్దుర్లు లేవు, పొక్కులు లేవు. గోళ్ళ గీతలు మాత్రం చెయ్యి అందిన చోటల్లా ఉన్నాయి. చెయ్యి అందని నడివీపు మాత్రం నున్నగా ఉంది. డాక్టరుగారు ముందు చూసింది అదే. చర్మవ్యాధే అయితే చాలావరకు అక్కడా కనిపించేదన్నారు.

ఈ వయసులో ఎక్కువమందికి కారణం చర్మం పొడిబారడమేనట. అందుకే మరీ వేడినీళ్ళు మానిపించి, స్నానం కాగానే ఒళ్ళు తడిగా ఉండగానే కొబ్బరినూనె రాశాం. రెండు వారాలైనా తగ్గకపోయేసరికి రక్తపరీక్షలు రాశారు. లివర్, థైరాయిడ్, షుగర్ బాగానే ఉన్నాయి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ మాత్రం బాగా ఎక్కువగా, 4.1 వచ్చింది! కాళ్ళ వాపు లేదు, మూత్రమూ మామూలే. కిడ్నీ జబ్బు బయటపడింది ఈ దురదతోనే.

ఇలాంటి దురదకి అలర్జీ మాత్రలు మత్తు ఇస్తాయే గానీ పెద్దగా పనిచెయ్యవట. కిడ్నీకి తగ్గట్టు చిన్న మోతాదులో గాబాపెంటిన్ ఇచ్చాక నాన్నకి నిద్ర పడుతోంది. అరచేతులు, అరికాళ్ళలో ఎక్కువగా ఉండి రాత్రిళ్ళు పెరిగే దురదైతే లివర్‌ని అనుమానించాలని కూడా చెప్పారు.