త్యు మ మాంక్

మెసేజ్ పంపిన రెండు నిమిషాలకే నవ్వే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. కింద ఒక్క లైను: "నేను నిన్ను మిస్ అవుతున్నానని నీకెలా తెలిసింది?"

లియోన్‌లో నా రూమ్మేట్ పుట్టినరోజు ఇవాళ. ఈసారి ఫ్రెంచ్‌లోనే రాయాలని పట్టుబట్టి కూర్చున్నా.

మొదట "బొన్ ఫెత్" అని కొట్టి చెరిపేశా. కెనడాలో క్యూబెక్ వాళ్లు పుట్టినరోజుకి అలాగే అంటారు కానీ, ఫ్రాన్స్‌లో అది మన పేరున్న సెయింట్ రోజుకి చెప్పే మాట. కాబట్టి "జ్వాయో అనివెర్సేర్ మా బెల్". తర్వాత "ప్రొఫీత్ బ్యాఁ ద త జూర్నే", అంటే ఈ రోజంతా హాయిగా గడుపు అని. "వోత్ర్" కాదు, "త". గారూ, మీరూ అంటే అదే ముందు తిడుతుంది. చివర్లో "గ్రో బిజూ", బోలెడు ముద్దులు. ఆఫీసు మెయిల్ అలవాటులో "కోర్దియాల్‌మాఁ" పెట్టి ఉంటే ఇంకేమన్నా ఉందా!

ఇంత జాగ్రత్తపడి, మధ్యలో "జ త మాంక్" అని రాశా. 'ఐ మిస్ యూ'ని మాటకు మాట దింపేశానన్నమాట. దానర్థం "నీకు నేను గుర్తొస్తున్నాను" అని! రాయాల్సింది "త్యు మ మాంక్".

తమాషా ఏంటంటే, ఇంగ్లీష్‌ని పక్కన పెట్టి తెలుగులో అనుకుని ఉంటే తప్పేదాన్నే కాదు. "నాకు నువ్వు గుర్తొస్తున్నావు". ఇక్కడా కర్త నువ్వే కదా.

సరిచేసి మళ్లీ పంపా. "త్వా ఓసీ" అంది. నువ్వు కూడా, అని.