రాని దస్తావేజులోని వివరాలు

ఇంటి రుణానికి హక్కుల పరిశీలన చేయమంటూ ఈరోజు ఉదయం ఒక బ్యాంకు శాఖ నుంచి మెయిల్ వచ్చింది. జతపరిచిన విక్రయ దస్తావేజు నుంచి రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్లు, తేదీలు, ప్రతిఫలం మొత్తం తీసి సాయంత్రంలోగా పంపమని అందులో ఉంది కానీ, జతగా ఏ ఫైలూ లేదు. కింద పాత ఉత్తరాల వరస కనిపించడంతో కారణం తెలిసింది. రుణం అడిగినవారు పంపిన మెయిల్‌ను ఫార్వర్డ్ చేయకుండా, దానికే రిప్లై నొక్కి మా చిరునామా చేర్చారు. రిప్లైలో పాత ఉత్తరంలోని మాటలు వస్తాయి గాని, దానికి జతచేసిన ఫైళ్లు సాధారణంగా రావు.

ఆ పాత మాటల్లో దస్తావేజు నంబరు, 2009 అనే సంవత్సరం, కొన్నవారి పేరు, పన్నెండు లక్షల ధర ఉన్నాయి. వాటితోనే పట్టిక నింపేయవచ్చు కదా అని మా గుమాస్తా గారు అడిగారు. నేను ఒప్పుకోలేదు. నంబరు పక్కనుండే సంవత్సరం రిజిస్ట్రేషన్‌కు సంబంధించినది. రాసిన నాటి నుంచి నాలుగు నెలల్లోగా దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు దాఖలు చేసుకునే వీలు చట్టంలో ఉంది కాబట్టి, రాసిన తేదీ అంతకుముందు సంవత్సరానిదే కావచ్చు. రిజిస్టరైన దస్తావేజు రాసిన నాటి నుంచే అమలులోకి వస్తుందని రిజిస్ట్రేషన్ చట్టం 47వ సెక్షన్ చెబుతున్నప్పుడు, ఆ తేదీని ఊహించి రాయడం నాకు తగని పని. ధర సంగతీ అంతే. ఆ పన్నెండు లక్షలు ప్రతిఫలమో, స్టాంపు సుంకం కోసం లెక్కగట్టిన మార్కెట్ విలువో ఆ మాటలను బట్టి తేలదు.

పోనీ ఆస్తిపై జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలు చూపే ఈసీ తీసి చూద్దామంటే, సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం పేరు ఎక్కడా లేదు. అదే నంబరు, అదే సంవత్సరం ప్రతి కార్యాలయంలోనూ ఉంటాయి గనుక, తోచిన కార్యాలయం పేరుతో వెతికితే ఎవరిదో దస్తావేజు మన ముందుకొస్తుంది.

అందుకని పట్టికలో గడులన్నీ ఖాళీగానే ఉంచి, ఫైలు అందలేదని, పాత ఉత్తరంలోని వివరాలు రుణం అడిగినవారు చెప్పినవే తప్ప దస్తావేజులో చూసినవి కావని, అన్ని పేజీలూ వెనుకవైపు ముద్రలతో సహా స్కాన్ చేసి పంపమని జవాబు రాశాను. వెనుకవైపు అని ప్రత్యేకంగా అడగడానికి కారణముంది: దాఖలు, రిజిస్ట్రేషన్ వివరాలు తరచుగా ఆ ఎండార్స్‌మెంట్లలోనే ఉంటాయి.

మధ్యాహ్నం తర్వాత ఫైలు వచ్చింది. దస్తావేజు రాసింది 2008 డిసెంబరులో, రిజిస్టరైంది 2009 జనవరిలో. ప్రతిఫలం పన్నెండు లక్షలే. రాయించుకున్నవారు మాత్రం ఒక్కరు కాదు, భార్యాభర్తలిద్దరూ ఉన్నారు. తనఖాకు ఆమె సంతకం కూడా తప్పనిసరి అని నివేదికలో మొదటి పేజీలోనే రాసి పంపాను.