ప్రకటనల కంటే ముందు ముందస్తు పాఠకులు

నా మొదటి నవలను సొంతంగా ప్రచురించుకున్నప్పుడు ప్రచారానికి నా దగ్గరున్న డబ్బు చాలా తక్కువ. నలభై కాపీలు అమ్మితే నాకు మిగిలే రాయల్టీ ఎంతో, అంతే. ఆ మొత్తాన్ని విడుదల వారంలో ఆన్‌లైన్ ప్రకటనలకు పెట్టేయాలన్నది నా మొదటి ప్లాన్. అలా చేసుంటే డబ్బంతా పోయేది.

విడుదలకు ఎనిమిది వారాల ముందు ఈబుక్‌ను ప్రీ ఆర్డర్‌కు పెట్టి, ఒక చిన్న ప్రకటన వేసి చూశాను. లెక్క ఇలా ఉంది. ఒక కాపీ మీద నాకు మిగిలే సొమ్ము 12 క్లిక్కుల ఖర్చుకు సమానం. అంటే ప్రకటన నొక్కి వచ్చిన ప్రతి 12 మందిలో ఒకరు కొంటేనే పెట్టింది తిరిగొస్తుంది. రెండు రోజుల్లో 60 మంది నొక్కారు, ఒక్కరు కొన్నారు. ఐదు కాపీల రాయల్టీ ఖర్చయింది, ఒక కాపీది తిరిగొచ్చింది. వెంటనే ప్రకటన ఆపేశాను.

ఎవరూ నొక్కకపోతే లోపం ప్రకటనలోనో, కవర్‌లోనో ఉందనుకోవాలి. నొక్కి లోపలికి వచ్చినవాళ్లు కొనకుండా వెళ్తున్నారంటే లోపం స్టోర్‌లో పుస్తకాన్ని పరిచయం చేసే పేజీలో ఉన్నట్టు. నాది ఈ రెండో రకం. పేజీలో ఏం తప్పుందో మాత్రం ఎంత చూసినా నాకు అర్థం కాలేదు.

అప్పుడు ముందస్తు పాఠకుల కోసం వెతికాను. నా నవల లాంటి కుటుంబ రహస్యాల కథలు చదివి వాటి గురించి రాసేవాళ్లను చదువరుల గ్రూపుల్లో వెతికి పట్టుకున్నాను. ఒక్కొక్కరికీ విడిగా, వాళ్లు రాసిన ఏదో ఒక సమీక్షను ప్రస్తావిస్తూ మెసేజ్ పెట్టాను. "ఈబుక్ ఉచితంగా పంపిస్తాను. చదివాక రాయాలనిపిస్తే నచ్చింది, నచ్చనిది ఉన్నదున్నట్టు రాయండి. కాపీ ఉచితంగా అందిందని కూడా చెప్పండి." అంతకు మించి ఏమీ అడగలేదు. మంచి రివ్యూ ఇస్తేనే కాపీ అనడం స్టోర్ నిబంధనలకు విరుద్ధం, చదివేవాళ్లకు అన్యాయం కూడా. చుట్టాలను అసలు కలుపుకోకూడదని కొంచెం ఆలస్యంగా తెలిసింది. విడుదల రోజున మా పిన్ని కూతురు ప్రేమతో ఐదు నక్షత్రాలు ఇచ్చి రాసిన రివ్యూ రెండు రోజుల్లో మాయమైంది. రచయిత కుటుంబ సభ్యుల రివ్యూలను ఆ స్టోర్ ఒప్పుకోదట.

విడుదలకు ఐదు వారాల ముందు 40 మందికి ఫైల్ పంపాను. అచ్చు కాపీలైతే ముద్రణ, పోస్టు ఖర్చులకే బడ్జెట్ అయిపోయేది. రెండు వారాలు ఉందనగా ఒకసారి గుర్తుచేశాను. ప్రీ ఆర్డర్‌లో ఉండగా అక్కడ రివ్యూ రాయడానికి వీలుండదు కాబట్టి విడుదల రోజు ఉదయం లింకు పంపాను. 40 మందిలో 23 మంది పూర్తిగా చదివారు, మొదటి వారంలో 14 మంది రాశారు. మిగతావాళ్లను మళ్లీ కదిలించలేదు.

అయితే నన్ను నిజంగా గట్టెక్కించినవి విడుదలకు ముందే వచ్చిన ఉత్తరాలు. ముగ్గురు, ఒకరితో ఒకరికి పరిచయం లేనివాళ్లు, ఒకే మాట రాశారు: "పరిచయం చదివి ఇదేదో ప్రేమకథ అనుకున్నాం." పేజీలో నేను రాసుకున్న మొదటి వాక్యం ఇది: "బంధాలకూ బాధ్యతలకూ మధ్య నలిగిపోయిన ఒక స్త్రీ అంతరంగం." ఇది ఏ నవలకైనా సరిపోతుంది. ఇంకో పాఠకురాలు "ఆ ఉత్తరం ఎవరు రాశారో తెలిసేదాకా నిద్రపోలేదండీ" అని రాసింది. ఆ మాట పట్టుకుని వాక్యం మార్చాను: "అమ్మ చనిపోయిన ఏడాదికి, ఆమె చేతిరాతతోనే ఒక ఉత్తరం వచ్చింది." దాని కింద పరిచయాన్ని సగానికి కుదించాను. కవర్ జోలికి పోలేదు.

విడుదలైన పదో రోజున అదే ప్రకటనను మళ్లీ వేశాను. ఈసారి 90 క్లిక్కులకు 9 కాపీలు అమ్ముడయ్యాయి. పెట్టింది తిరిగొచ్చి, ఒకటిన్నర కాపీ రాయల్టీ మిగిలింది. మార్పు కొత్త వాక్యం వల్ల ఎంత, 14 రివ్యూల వల్ల ఎంత అన్నది విడదీసి చెప్పలేను, రెండూ ఒకేసారి మారాయి కాబట్టి. ఒకే పుస్తకం ఉన్న రచయితకు ప్రకటనల మీద ఇంతకంటే పెద్దగా మిగలదు. ఒకసారి నచ్చిన పాఠకుడు కొనడానికి రెండో పుస్తకం ఉండదు మరి.

అందుకే ఈబుక్ చివరి పేజీలో, కథ ముగిసిన వెంటనే, "తర్వాతి నవల వచ్చినప్పుడు కబురు పంపమంటారా?" అని అడిగి ఈమెయిల్ ఇచ్చే లింకు పెట్టాను. ఇప్పటికి 31 మంది ఇచ్చారు. రెండో నవల ముందస్తు కాపీలు మొదట వాళ్లకే పంపుతాను.